మైనర్ ఒప్పందం జవాబుకు మార్కులు: మొత్తంగానా, విడివిడిగానా?

పలాసలో పదిహేడేళ్ల కుర్రాడు తనకు పద్దెనిమిది నిండాయని నమ్మించి, జీడిపప్పు వ్యాపారి దగ్గర 50,000 రూపాయలు అప్పు తీసుకుని ప్రామిసరీ నోటు రాశాడు. వ్యాపారి దావా నెగ్గుతాడా అన్నది శ్రీకాకుళం లా విద్యార్థులకు ఇచ్చిన 10 మార్కుల ప్రశ్న అనుకుందాం.

జవాబంతా చదివి ఒకే అంకె వేసే పద్ధతిలో, ఒప్పందం చేసుకోవడానికి ఎవరు అర్హులో చెప్పే 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్‌నూ, మైనర్ ఒప్పందం మొదటినుంచీ చెల్లదన్న 1903 నాటి మొహరీ బీబీ తీర్పునూ పేజీ నిండా రాసిన విద్యార్థికి సులువుగా 8 పడిపోతాయి. సమస్యకు 2, సూత్రానికి 3, అన్వయానికి 4, ముగింపుకు 1 చొప్పున విడదీస్తే అదే జవాబు 7కు దిగుతుంది, ఎందుకంటే "కాబట్టి ఈ ఒప్పందం చెల్లదు" అన్న ఒక్క వాక్యానికి అన్వయంలో ఒక మార్కే దక్కుతుంది. వయసు గురించి అబద్ధం చెప్పినా మైనర్‌ను ఆ మాట కట్టిపడేయదన్న అసలు మెలికను అతను ముట్టుకోనేలేదు.

విడదీయడంలోనూ ఒక చిక్కుంది. ఒప్పందం మొదటినుంచీ చెల్లదనడానికి బదులు మైనర్ కోరితేనే రద్దవుతుందని రాసిన విద్యార్థికి సూత్రం దగ్గర మార్కులు తగ్గించాక, ఆ తప్పుడు సూత్రాన్నే అతను వాస్తవాలకు సక్రమంగా అన్వయించి ఉంటే అక్కడ మళ్లీ కోత పెట్టకూడదు. ఈ జాగ్రత్త పాటించే పరీక్షకుడి చేతిలో రెండో పద్ధతే మేలని నా అభిప్రాయం. మార్కులు ఎక్కడ పోయాయో విద్యార్థికి మార్జిన్‌లోనే కనబడుతుంది.