కర్నూలులో కొత్త ఫ్లాట్ తీసుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి

నంద్యాల చెక్‌పోస్టు వైపు ఫ్లాట్లు కట్టి అమ్ముతున్న ఆయన గురించి ఇక్కడ చాలామందికి తెలుసు, పేరు రాయను. ఉగాదికి గృహప్రవేశం చేశాం. నిన్న పొద్దున మా అమ్మ స్నానాల గదిలో కుళాయి పట్టుకోగానే చెయ్యి జివ్వుమని వెనక్కి లాక్కుంది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి సరిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

చేరిన వారం నుంచే గీజర్ వేస్తే, స్విచ్‌లన్నీ ఉండే డీబీ పెట్టెలో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్, పడిపోయేది. ఇల్లంతా కరెంటు పోయేది. బిల్డర్ మనిషికి ఫోన్ చేస్తే ఎలక్ట్రీషియన్‌ని పంపాడు. అతను వచ్చి వెళ్లాక ట్రిప్ కావడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. రెండోసారి వచ్చాక అసలు పడలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకు ఆగిందని ఒక్క ప్రశ్న అడగలేదు, అదే నా తప్పు.

నిన్న మా బాబాయికి తెలిసిన పాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన చేసిన మొదటి పని ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కడం. టక్కున పడింది, లైట్లు ఆరిపోయాయి. "ఇప్పుడు గీజర్ చూడు" అన్నాడు. గీజర్ లైట్ వెలుగుతూనే ఉంది! వంటింట్లో ఇండక్షన్ స్టవ్ కూడా పనిచేస్తోంది.

మూత తీసి చూపించాడు. గీజర్ ఉన్న లైనుకు ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీకి ముందే మెయిన్ స్విచ్ దగ్గర నుంచి తీసుకున్నారు. గీజర్ సాకెట్ విప్పితే ఎర్త్ వైరు పీకి టేపు చుట్టి ఉంది. బిల్డర్ పంపిన ఎలక్ట్రీషియన్ మొదటిసారి వచ్చినప్పుడు ఎర్త్ పీకాడు. అయినా తడి గుండా లీకై అప్పుడప్పుడు పడుతుంటే రెండోసారి ఏకంగా లైనునే తప్పించాడు. ఆర్‌సీసీబీ పని ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా చూడటం. 30 మిల్లీ ఆంప్స్ తేడా వచ్చేలోపే అది పడిపోవాలి. మా గీజర్‌లో నిజంగానే లీకుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎలిమెంట్ పగిలింది. అంటే ఆర్‌సీసీబీ అన్ని రోజులూ మాకు నిజమే చెప్పింది. దాని నోరు మూశారు.

బిల్డర్ మనిషికి ఫోన్ చేశాను. ఆయన అన్న మాట ఇది: "ట్రిప్ అవుతోందన్నారు, ట్రిప్ కాకుండా చేయించాం. ఇంకేం కావాలి సార్ మీకు?" మా అమ్మకు షాక్ కొట్టిందయ్యా అంటే, "పాత ఇళ్లలో ఇవేవీ లేవు, అందరూ బతకలేదా" అని పెట్టేశాడు. రాత్రంతా ఆ మాటే చెవుల్లో తిరిగింది.

ఇంకొకటి కూడా బయటపడింది. ఆ గీజర్ లైనుకు 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టారు, వైరు మాత్రం 2.5 స్క్వేర్ ఎం.ఎం. ఆ వైరుకు 20 దాటకూడదని పాత ఎలక్ట్రీషియన్ చెప్పాడు. గీజర్, వంటింటి ఇండక్షన్, వాషింగ్ మెషీన్ మూడూ ఒకే లైను మీద ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు వేల వాట్ల దాకా తీసుకుంటే మొత్తం దాదాపు 26 ఆంప్స్. 20ది పెడితే పడిపోతుందని 32ది పెట్టారు. ఎంసీబీ ఉండేది మోతాదు మించి కరెంటు పారితే ఆపేసి వైరును కాపాడటానికి. 32ది 36 ఆంప్స్ దగ్గర కూడా గంటసేపు పడకుండా ఉండొచ్చు. ఆ గంటలో గోడలోపల వైరు విపరీతంగా వేడెక్కుతుంది, మనకు కనపడదు.

ఇప్పుడు గీజర్‌కు విడిగా లైను లాగించి 20 ఆంప్స్ ఎంసీబీ పెట్టించాను. చిన్న డీబీ తీసేసి పెద్దది వేయించాం. స్నానాల గదులు, వంటిల్లు ఒక ఆర్‌సీసీబీ మీద, మిగతా ఇల్లు ఇంకో దాని మీద, రెండూ 30 మిల్లీ ఆంప్స్‌వే. ఒకటి పడినా రెండో వైపు లైట్లు ఉంటాయి. దేని న్యూట్రల్ బార్ దానికే ఉండాలి. రెండూ కలిస్తే ఊరికే ట్రిప్ అవుతుంటాయి, మళ్లీ ఎవరో ఒకరు ఇలాగే తప్పిస్తారు. ఎలిమెంట్ మార్చి, ఎర్త్ కూడా కలిపాం.

మీరు చేయాల్సింది చిన్న పని. అన్నీ ఆన్ చేసి టెస్ట్ బటన్ నొక్కండి, ఆర్‌సీసీబీలు రెండుంటే రెండింటివీ నొక్కండి. అవి పడ్డాక ప్రతి సాకెట్‌లో ఛార్జర్ పెట్టి చూడండి, గీజర్, ఏసీ కూడా చూడండి. ఏది పనిచేసినా ఆ లైనుకు రక్షణ లేనట్టే. ఎంసీబీ మీద అంకె, దాని కింద వైరు సైజు అడిగి రాయించుకోండి. మూత మాత్రం మీరు తీయకండి.

సాయంత్రం పై ఫ్లోర్ అన్న వాళ్లింట్లో కూడా నొక్కి చూశాం. అక్కడా గీజర్ లైట్ ఆరలేదు.