వరల్డ్ క్లాక్ యాప్‌కి డబ్బు కట్టే ముందు మార్చి 20 పెట్టి చూడండి, మాకు తగిలిన దెబ్బ ఇదీ

మా అక్క డల్లాస్‌లో, తమ్ముడు లండన్‌లో, నేను అమ్మానాన్నలతో హైదరాబాద్‌లో. ఎవరికి ఎప్పుడు ఖాళీయో చూసుకోవడానికి ప్రతిసారీ వేళ్ల మీద లెక్కపెట్టడం ఎందుకని 2025 జనవరిలో ఒక వరల్డ్ క్లాక్ యాప్‌కి ఫ్యామిలీ ప్లాన్ తీసుకున్నాను, ఏడాదికి 1,499 రూపాయలు. పేరు చెప్పను, పేరు ముఖ్యం కాదు కూడా, ఎందుకంటే ఇదే లోపం వేరే యాప్‌లోనూ ఉండొచ్చు. చూడటానికి మాత్రం చాలా బాగుంటుంది. మూడు ఊళ్లూ వరసగా కనిపిస్తాయి, కింద ఒక గీత మీద వేలు పెట్టి జరిపితే మూడు చోట్లా టైము మారుతుంది, అది నచ్చితే వాట్సాప్‌లో పంపడానికి మెసేజ్ కూడా తనే రాసిస్తుంది. రెండు నెలలు ఒక్క తేడా రాలేదు.

మార్చి 10, సోమవారం. నాన్న గుండె ఆపరేషన్ గురించి డాక్టర్‌గారు సాయంత్రం 7 గంటలకు పావుగంట టైమిచ్చారు, బయట ఉన్న పిల్లల్ని కూడా వీడియోలో కూర్చోబెట్టండి, అడగాల్సినవన్నీ ఒకేసారి అడగండి అన్నారు. నేను యాప్‌లో 7 పెట్టి వచ్చిన మెసేజ్‌ని గ్రూపులో వేశాను: హైదరాబాద్ రాత్రి 7:00, లండన్ మధ్యాహ్నం 1:30, డల్లాస్ ఉదయం 7:30. తమ్ముడు సరిగ్గా వచ్చాడు. అక్క తన ఫోన్‌లో ఏడున్నరకి లింక్ తెరిచి కూర్చుంది, అప్పటికి ఇక్కడ ఇంకా ఆరే. అరగంట చూసి, ఎవరూ రాకపోయేసరికి డాక్టర్‌గారికి కుదరలేదేమో అనుకుని, పిల్లవాణ్ణి స్కూల్లో దింపి అటునుంచి అటే ఆఫీసుకి బయల్దేరింది. మేము ఆస్పత్రి లిఫ్టు దగ్గర, వీల్‌చెయిర్ దగ్గర హడావుడిలో ఉన్నాం, నా ఫోన్ సైలెంట్‌లో ఉంది, ఆవిడ మెసేజ్‌లు చూసుకోలేదు. ఇక్కడ 7 అయ్యేసరికి ఆవిడ హైవే మీద ఉంది. స్టెంట్లా బైపాసా అన్న ప్రశ్న అడగాల్సింది అసలు ఆవిడే, మా ఇంట్లో కాస్త వైద్యం తెలిసింది ఆవిడకే.

జరిగిందేమిటంటే, అంతకు ముందు రోజు, మార్చి 9 ఆదివారం, అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. చలికాలంలో మనకీ డల్లాస్‌కీ పదకొండున్నర గంటల తేడా, జరిపాక పదిన్నర. కాబట్టి మన 7 గంటలంటే అక్కకి ఎనిమిదిన్నర కావాలి. ఈ మార్పు కంపెనీ వాళ్లకి తెలియకపోవడం ఏమిటని నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు, తర్వాత సెట్టింగ్స్ లోపలికి వెళ్లి చూస్తే అర్థమైంది. డల్లాస్ పక్కన చిన్న అక్షరాల్లో CST (UTC-6) అని, అక్కడి చలికాలపు టైమే ఉంది. అంటే ఆ యాప్ ఊరిని గుర్తుపెట్టుకోలేదు, నేను ఊరు చేర్చిన రోజున ఉన్న తేడాని గుర్తుపెట్టుకుని కూర్చుంది. జనవరిలో చేర్చాను కాబట్టి జనవరి తేడానే. ఇదే ఊరిని నేను ఏప్రిల్‌లో చేర్చి ఉంటే నవంబర్ దాకా బ్రహ్మాండంగా పనిచేసి, ఆ తర్వాత చెడేది. రివ్యూల్లో కొందరు ఐదు చుక్కలు, కొందరు ఒక్క చుక్క ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది, ఎవరు ఏ నెలలో కొన్నారన్నదాన్ని బట్టి అన్నమాట.

సరిగ్గా చేసిన యాప్ అయితే America/Chicago అని ఉంచుకుంటుంది (డల్లాస్‌ది ఆ జోనే), లండన్‌కి Europe/London, మనకి Asia/Kolkata. ఏ దేశం ఏ తేదీన గడియారం జరుపుతుందో ఆ పేర్ల వెనక ఉన్న పట్టికలో ఉంటుంది, ప్రభుత్వాలు రూల్ మార్చినప్పుడల్లా ఆ పట్టికని దిద్దుతారు. ఉదాహరణకి మెక్సికో చాలా చోట్ల 2022లో ఈ జరపడం మానేసింది, ఈజిప్ట్ 2023లో మళ్లీ మొదలుపెట్టింది. అందుకే పేరు సరిగ్గా ఉన్నా ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని యాప్‌ని నమ్మకండి.

కస్టమర్ కేర్ వాళ్లకి రాస్తే వచ్చిన జవాబు వినండి: వేసవిలో మీరే CST తీసేసి వేసవి టైమైన CDT పెట్టుకోండి అట! నేనే గుర్తుపెట్టుకుని మార్చేట్టయితే 1,499 కట్టడం దేనికి?

కొనేముందు ఒక్క పరీక్ష చేయండి, రెండు నిమిషాలు కూడా పట్టదు. తేదీ మార్చే వీలున్న యాప్‌లో హైదరాబాద్ రాత్రి 9 పెట్టి జనవరి 20 చూడండి, డల్లాస్ ఉదయం 9:30, లండన్ మధ్యాహ్నం 3:30 రావాలి. జులై 20కి మారిస్తే 10:30, 4:30. చాలా యాప్‌లు ఇక్కడిదాకా పాసవుతాయి. ఇప్పుడు మార్చి 20 పెట్టండి. అమెరికా మార్చి రెండో ఆదివారం జరుపుతుంది, బ్రిటన్ చివరి ఆదివారం జరుపుతుంది, ఏ సంవత్సరం తీసుకున్నా మార్చి 20 ఆ రెంటి మధ్యలోనే పడుతుంది. ఆ రోజు డల్లాస్ 10:30 చూపించాలి, లండన్ మాత్రం 3:30 దగ్గరే ఉండాలి. రెండూ ఒకేసారి కదిలినా, రెండూ కదలకపోయినా ఆ యాప్ వద్దు. అసలు తేదీ మార్చే వీలే లేకపోతే, ఇప్పటి టైము చూసుకోవడానికి తప్ప వచ్చే నెల కాల్ పెట్టుకోవడానికి అది పనికిరాదు. ఇంకొకటి, ఫీనిక్స్‌లో మనవాళ్లుంటే ఆ ఊరి పేరుతోనే వెతకండి, మౌంటెన్ టైమ్ అని పెడితే వేసవిలో గంట తప్పుతుంది, ఎందుకంటే ఆ నగరం గడియారం జరపదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ జరుపుతుంది, బ్రిస్బేన్ జరపదు.

ఇప్పుడు మేము వాడేది గూగుల్ క్యాలెండర్, పైసా ఖర్చు లేదు. ఈవెంట్ పెట్టి అందర్నీ చేరిస్తే ఎవరి ఫోన్‌లో వాళ్ల టైము కనిపిస్తుంది. కానీ వారం వారం వచ్చే కాల్ అయితే ఎవరి టైముకి కట్టాలో ముందే తేల్చుకోండి. మాది మన ఆదివారం రాత్రి 9కి కట్టాం, అమ్మానాన్న నిద్ర చెడకూడదని, కాబట్టి ఏడాదికి రెండుసార్లు టైము జరుపుకునేది అక్కా తమ్ముడే. ఆఫీసులో మాత్రం ఉల్టా. క్లయింట్ వాళ్లు డల్లాస్ ఉండే సెంట్రల్ టైములో ఉదయం 9కి కట్టారు, వేసవిలో మాకు రాత్రి 7:30కి మొదలయ్యే కాల్ నవంబర్ మొదటి ఆదివారం దాటగానే 8:30కి వెళ్తుంది. దీన్ని ఏ యాప్ తప్పు అనడానికి లేదు, అడిగి ఒప్పించుకోవాల్సిందే.

డబ్బు సంగతి. నాకు ఒక్క రూపాయి కూడా రాలేదు. ప్లే స్టోర్‌లో వెనక్కి అడగడం కొన్న 48 గంటల్లోపు తేలిక, ఈ లోపమేమో రెండు నెలలకి గాని బయటపడదు. చిరాకులో యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసి వదిలించుకున్నా అనుకున్నాను. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి విడిగా క్యాన్సిల్ కొట్టాలి. నేను అది డిసెంబర్‌లో, ఇంకో 1,499 కట్ అవుతుందని మెయిల్ వచ్చాక చూసుకుని కొట్టాను.