165 హెర్ట్జ్ విఏ మానిటర్: ఏ అంకె ఎవరికి పనికొస్తుంది

తిరుపతిలో ఏ కంప్యూటర్ షాపుకు వెళ్లినా మానిటర్ పెట్టె మీద మూడు మాటలు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి: 165 హెర్ట్జ్, 1 ఎంఎస్, అడాప్టివ్ సింక్. మూడూ ఒకటే గుణం అన్నట్టు అమ్ముతారు. 27 అంగుళాల, 2560×1440 తెరను, అదీ విఏ అనే ఎల్‌సీడీ రకం ప్యానెల్‌ను, రెండు ఎండాకాలాలు రోజూ వాడాక తేలింది వేరు. మొదటిది మాట నిలబెట్టుకుంది. రెండోది సగమే. మూడోది మన గ్రాఫిక్స్ కార్డును బట్టి ఉంటుంది.

రిఫ్రెష్ రేట్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేయగలదో ఆ లెక్క. 60 హెర్ట్జ్‌లో బొమ్మకూ బొమ్మకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు, 165లో 6 మిల్లీసెకన్ల చిల్లర. ఆటలు ఆడనివాళ్లకు కూడా ఇది తెలుస్తుంది. పొడుగాటి ఎక్సెల్ షీటునో కోడ్‌నో కిందికి జరిపేటప్పుడు అక్షరాలు చెదరకుండా కదులుతాయి. అయితే ఆఫీసు పనికి 100 హెర్ట్జ్ చాలు, ఆ పైన తేడా పట్టుకోవడం కష్టం. వాలొరంట్ లాంటి ఆట ఆడే హాస్టల్ కుర్రాళ్లకు మాత్రం 165కు పెట్టిన ప్రతి రూపాయీ దక్కుతుంది, ఎందుకంటే ఆ ఆటలో మామూలు గ్రాఫిక్స్ కార్డే సెకనుకు 200 ఫ్రేములు, అంటే 200 బొమ్మలు, దాటి తయారు చేస్తుంది.

కొన్న చాలామంది తెలియకుండానే 60లో నడుపుతుంటారు. విండోస్‌లో Settings, System, Display, Advanced display తెరిచి అక్కడ 165 ఎంచుకోవాలి. ఆ అంకె జాబితాలోనే లేకపోతే కేబుల్ వైపు చూడండి. ఈ రిజల్యూషన్‌లో హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు 144 దగ్గరే ఆగిపోతుంది, 165 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ కేబులే పెట్టాలి.

రెస్పాన్స్ టైమ్ దగ్గరే ఈ ప్యానెల్ నిరాశపరిచింది. ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడానికి పట్టే సమయం అది. పెట్టె మీది 1 ఎంఎస్ బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగించి కొలిచిన అంకె, పిక్సెల్ మారే వేగం కాదు. విఏ ప్యానెల్‌లో నలుపు నుంచి ముదురు బూడిద రంగుకు మారడమే అన్నిటికన్నా నిదానం. దానికి 20 మిల్లీసెకన్లు పట్టిందంటే, ఈలోపు తెర మూడుసార్లు కొత్త బొమ్మ వేసేసి ఉంటుంది. అందుకే చీకటి గుహలో పరిగెత్తే మనిషి వెనక నల్లటి మరక ఈడ్చుకొస్తుంది. డిసెంబరు పొద్దున చలికి ఆ మరక ఇంకా పొడుగవుతుంది, తెర వేడెక్కాక తగ్గుతుంది. మానిటర్ మెనూలోని Overdrive పెంచితే మరక తగ్గుతుంది, కానీ చివరి మెట్టుకు పోతే వస్తువుల అంచున తెల్లటి గీత మొదలవుతుంది. మధ్య మెట్టే సరైనది. పగటి వెలుతురు దృశ్యాలు, ఆఫీసు పని, సినిమాలు చూసేవాళ్లు ఈ లోపం గురించి బెంగపడక్కర్లేదు. చీకటి ఆటలే ఎక్కువ ఆడేవాళ్లు మాత్రం ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెల్ తీసుకోండి.

అడాప్టివ్ సింక్ అసలు విలువ మధ్యరకం కార్డుల దగ్గర తెలుస్తుంది. పెద్ద కథ ఉన్న ఆట సెకనుకు 70 ఫ్రేములతో నడుస్తోందనుకోండి. ఫ్రేముకు 14.3 మిల్లీసెకన్లు. కార్డే తెర కోసం ఆగేలా చేసే పాత పద్ధతి వి-సింక్. అది పెట్టిన 165 హెర్ట్జ్ తెర 6.06 మిల్లీసెకన్ల అడుగులతోనే నడుస్తుంది కాబట్టి, కొన్ని ఫ్రేములు రెండడుగులు అంటే 12.1 మిల్లీసెకన్లు, సుమారు మూడింట ఒకటి మూడడుగులు అంటే 18.2 మిల్లీసెకన్లు నిలబడతాయి. మీటరు 70 అని చూపిస్తున్నా కెమెరా తిప్పితే తడబాటు కనిపించేది అందుకే. అడాప్టివ్ సింక్ ఆన్ చేస్తే తెరే కార్డు కోసం ఆగి, ప్రతి ఫ్రేమునూ దాని సమయానికే చూపిస్తుంది. తడబాటు పోతుంది, బొమ్మ అడ్డంగా చీలడమూ ఉండదు.

దీనికి హద్దులున్నాయి. ఈ మానిటర్‌లో అది 48 నుంచి 165 దాకే. పైహద్దు దాటకుండా ఆటలో ఫ్రేములను 160 దగ్గర కట్టేయాలి. కింద 48 దాటి 47కు పడితే తెర ఒక్కో ఫ్రేమును రెండుసార్లు వేస్తూ ఒక్కసారిగా 94కు ఎగురుతుంది. ఆ ఎగుడుదిగుడులో విఏ వెలుతురు మారి తెర మినుకుమినుకుమంటుంది, ముఖ్యంగా ఆట లోడ్ అయ్యేటప్పుడు. కరెంటు లోపమో స్టెబిలైజర్ లోపమో అనుకుని మెకానిక్‌ను పిలవకండి. సింక్ ఆపి చూడండి: మినుకు ఆగిపోతే కారణం ఇదే. నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గించి ఫ్రేములు 55 పైన ఉండేలా చూసుకుంటే సింక్ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ఎప్పుడూ 200 ఫ్రేములతో ఆడేవాళ్లకు సింక్ వల్ల ఒరిగేది తక్కువ, ఆఫీసు పనికి అసలే అక్కర్లేదు. షాపులోనే తేల్చుకోవాలంటే మానిటర్‌ను 165లో పెట్టించి, testufo.com తెరిచి, వెనక రంగును ముదురుగా మార్చి చూడండి. కదిలే బొమ్మ తోక ఎంత పొడుగుందో అక్కడే కనిపిస్తుంది, పెట్టె మీది 1 ఎంఎస్‌తో పని లేదు.