ఆరుబయట ఫంక్షన్‌కు రోజు ఎంచుకోవడం: వెదర్ యాప్ స్క్రీన్‌షాట్ల పద్ధతిపై సమీక్ష

రెండు మూడు తేదీల్లో ఏది ఖాయం చేయాలో తేలనప్పుడు, వాతావరణ సూచనల స్క్రీన్‌షాట్లు తీసి పక్కపక్కన పెట్టి చూడటం చాలాకాలంగా వాడుతున్న పద్ధతి. సరైన పేజీ స్క్రీన్‌షాట్ తీస్తే ఇది బాగా పనిచేస్తుంది. తప్పు పేజీ తీస్తే మంచి రోజును చేజేతులా వదిలేసుకుంటాం.

తప్పు పేజీ అంటే వారం మొత్తాన్ని వరసగా చూపించేది. అందులో రోజుకొక బొమ్మ, ఒక శాతం, ఒక గరిష్ఠ ఉష్ణోగ్రత మాత్రమే ఉంటాయి. తెల్లవారుజామున వాన పడే సూచన ఉన్నా రోజంతటికీ మబ్బూ చినుకుల బొమ్మే వేస్తారు. మనకు కావలసింది గంటల వారీ పేజీ. ఒక్కో తేదీకి వాన, ఉష్ణోగ్రత, గాలి కనిపించేలా తీయాలి. ఫంక్షన్ వేళతో పాటు టెంట్ వేసే గంటలు, విప్పే గంటలు కూడా అందులోకి రావాలి. ఊరి పేరు కనిపించేలా చూసుకోండి. చాలా యాప్‌లు ఫోన్ ఉన్న చోటి సూచననే చూపిస్తాయి, ఫంక్షన్ జరిగే చోటిది కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఫంక్షన్ సాయంత్రం 4 నుంచి 9 దాకా, చేతిలో మూడు తేదీలు. వారం పేజీలో శుక్రవారం వాన 10 శాతం, శనివారం 60, ఆదివారం 30. ఇంతవరకే చూస్తే ఎవరైనా శుక్రవారమే అంటారు.

గంటల పేజీ తెరిస్తే లెక్క మారుతుంది. శనివారం ఆ 60 శాతం తెల్లవారుజామున 3 నుంచి 7 మధ్యది. సాయంత్రం వాన అవకాశం 10 శాతం దాటదు, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలి గంటకు 12 కి.మీ. ఆదివారం 30 శాతం సరిగ్గా సాయంత్రం 5, 6 గంటల దగ్గరే ఉంది, పక్కనే ఉరుముల బొమ్మ కూడా ఉంది. శుక్రవారం వాన లేదు కానీ 4 గంటలకు 36 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం. ఆ రెండూ కలిస్తే ఒంటికి తెలిసే వేడి దాదాపు 43 డిగ్రీలు. అది కూడా నీడలో కూర్చున్నవాళ్లకు వేసిన లెక్క, నేరుగా ఎండ తగిలితే ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లు, పసిపిల్లలు వచ్చే ఫంక్షన్‌కు అది తగదు. కాబట్టి శనివారమే మేలు. ఉదయం వాన పడితే నేల చిత్తడిగా ఉంటుంది గనక టెంట్ పని మధ్యాహ్నానికి జరపాలి, మేకులు లోతుగా దిగగొట్టించాలి.

ఈ శాతం గురించి ఒక మాట. 30 శాతం అంటే ఆ వేళలో అక్కడ కొలవదగ్గ వాన పడేందుకు ఉన్న అవకాశం. ఎంత పడుతుందో అది చెప్పదు. అందుకే పక్కనున్న మి.మీ. అంకె కూడా స్క్రీన్‌షాట్‌లోకి రావాలి. ఒక మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద 10 మి.మీ. పడితే వెయ్యి లీటర్లు. వాలు సరిగా లేకపోతే ఆ బరువుకు గుడ్డ కిందికి జారి నీళ్లు నిలుస్తాయి.

అన్నిటికంటే ఎక్కువమంది పట్టించుకోనిది గాలి. పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించేది సగటు వేగం. టెంట్‌ను లేపేది మాత్రం ఉన్నట్టుండి వచ్చే విసురు. దాన్ని చాలా యాప్‌లు ‘గస్ట్’ పేరుతో విడిగా చూపిస్తాయి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 20 కి.మీ.కి నిలిచిన టెంట్ 40కి నిలుస్తుందని అనుకోకూడదు. ఎంత విసురు దాకా తట్టుకుంటుందో టెంట్ వాళ్లను అడిగి, ఆ అంకెతో గస్ట్‌ను పోల్చండి. యూనిట్లు కూడా చూసుకోవాలి. ఒక స్క్రీన్‌షాట్‌లో సెకనుకు 10 మీటర్లని, ఇంకోదానిలో గంటకు 30 కి.మీ. అని ఉంటే మొదటిదే ఎక్కువ, అది గంటకు 36 కి.మీ. ఆదివారాన్ని వదిలేయడానికి అసలు కారణం కూడా గాలే. ఉరుముల మబ్బు కింద వచ్చే ఈదురుగాలి సగటు అంకెలో కనిపించదు.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోపం, స్క్రీన్‌షాట్ తీసిన మరుక్షణం నుంచీ పాతదే. సూచన రోజుకు చాలాసార్లు మారుతుంది. నిన్న తీసిన శుక్రవారం సూచనను ఈరోజు తీసిన శనివారం సూచనతో పోలిస్తే ఫలితం తేడాగా వస్తుంది. మూడు తేదీలూ ఒకే యాప్‌లో, ఒకే సమయంలో తీయాలి. వరసగా నాలుగు రోజులు అదే వేళకు మళ్లీ తీస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. శనివారం వాన ప్రతిసారీ తెల్లవారుజామునే చూపిస్తే ఆ సూచనను నమ్మవచ్చు. ఒకరోజు ఉదయం, మర్నాడు సాయంత్రం అని అటూ ఇటూ జరుగుతుంటే ఇంకా తేలలేదన్నమాట. అప్పుడు తక్కువ శాతం ఉందని సంబరపడకూడదు.

పది రోజుల తర్వాతి తేదీకి గంటల అంకెలు కనిపించినా వాటిమీద ఆధారపడి డబ్బు కట్టకండి. అంత దూరానికి వాన ఏ గంటకు పడుతుందో చెప్పగలిగే పట్టు ఏ సూచనకూ లేదు. ఐదు రోజుల లోపలికి వచ్చాకే మూడు తేదీలనూ పక్కపక్కన పెట్టండి. అంతకు ముందే ఖాయం చేయక తప్పకపోతే, తేదీ మార్చుకునే వీలు ఇచ్చే టెంట్ వాళ్లనే మాట్లాడుకోండి.