మా మిల్లు ఫీడరుపై ఎస్‌వీసీ: బరువు పడినప్పటి కంటే బరువు తీరినప్పుడు తెలిసే మేలు

సబ్‌స్టేషన్‌కు దూరంగా, 33 కేవీ లైను చివర నడుస్తున్న రీ-రోలింగ్ మిల్లులో విద్యుత్ నిర్వహణ నా బాధ్యత. మొదట స్థిర కెపాసిటర్ బ్యాంకుతో, తరువాత స్టాటిక్ వార్ కంపెన్సేటర్‌తో, అంటే రియాక్టివ్ పవర్‌ను లోడుకు తగ్గట్టు క్షణాల్లో పెంచి తగ్గించే ఎస్‌వీసీతో, ఇదే ఫీడరు మీద సంవత్సరాల తరబడి పనిచేశాను. పవర్ ఫ్యాక్టర్, కేవీఏహెచ్ బిల్లుల సంగతి ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినదే. ఆ విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. నేను ఎస్‌వీసీని మెచ్చుకునేది ఒకే ఒక్క గుణానికి: మిల్లు హఠాత్తుగా ఖాళీ అయినప్పుడు అది వోల్టేజిని పైకి ఎగరనివ్వదు.

మా బస్‌బార్ దగ్గర ఫాల్ట్ లెవెల్, అంటే షార్ట్ సర్క్యూట్ అయితే లైను ఇవ్వగలిగే శక్తి, ఆ లైను బలానికి కొలత, సుమారు 150 ఎంవీఏ. బిల్లెట్ అనే ఉక్కు దిమ్మ మొదటి రోలింగ్ దశ అయిన రఫింగ్ స్టాండ్‌లోకి దూరినప్పుడు డీసీ డ్రైవు లాగే రియాక్టివ్ పవర్ 2 నుంచి 7 ఎంవీఏఆర్‌కు లేచి, కొన్ని సెకన్లలో మళ్ళీ దిగిపోతుంది. ఈ 5 ఎంవీఏఆర్ ఊపును 150తో భాగిస్తే ప్రతి పాస్‌కూ వోల్టేజి మూడు శాతానికి పైగా కదులుతుందని తేలుతుంది. స్థిర బ్యాంకు ఈ ఊపును తగ్గించదు. ఊగే గీతను మొత్తంగా పైకి జరుపుతుంది, అంతే. దాన్ని బ్రేకరుతో వేసి తీద్దామంటే, తీసిన మెట్టులోని ఛార్జి పూర్తిగా దిగేదాకా, మా దగ్గర పది నిమిషాలు, ఆగిన తరువాతే తిరిగి కలపాలి. సెకన్లలో ముగిసే పాస్ వెంట పది నిమిషాల పరికరం పరుగెత్తలేదు. అందుచేత మా 6 ఎంవీఏఆర్ బ్యాంకు షిఫ్టు పొడుగునా లైనుకు తగిలే ఉండేది.

దాని ఫలితం రాత్రిపూట కనిపించేది. కాబుల్, అంటే రోలర్ల దారి తప్పి మెలికపడిన ఉక్కు కడ్డీ, చిక్కుకుని మిల్లు ఆగిందంటే మా లోడు అర ఎంవీఏఆర్‌కు పడిపోతుంది, బ్యాంకు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ మిగులు వల్ల వోల్టేజి మూడున్నర శాతానికి పైగా పెరిగి, అప్పటికే 34 కేవీ దగ్గర ఉన్న లైను 35 దాటేది. డ్రైవులు ఓవర్ వోల్టేజితో ట్రిప్ అయ్యేవి. కాబుల్ తీసి మిల్లు సిద్ధం చేసిన మనుషులు మా కోసం ఎదురుచూస్తూ నిలబడేవారు. సాయంత్రం లైను 30.5 కేవీకి కుంగినప్పుడేమో, కెపాసిటర్ ఇచ్చే రియాక్టివ్ పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది గనుక, అదే బ్యాంకు 6కు బదులు 5 ఎంవీఏఆర్ చిల్లర మాత్రమే ఇచ్చేది. అవసరం లేనప్పుడు ఎక్కువ, అవసరమున్నప్పుడు తక్కువ. దీనికి తోడు, ఫాల్ట్ లెవెల్‌ను బ్యాంకు సామర్థ్యంతో భాగించి వర్గమూలం తీస్తే సరిగ్గా 5 వస్తుంది, అంటే రెజొనెన్స్ ఐదో హార్మోనిక్ మీదే, సరఫరా ఫ్రీక్వెన్సీకి ఐదు రెట్ల దగ్గరే, కూర్చుంది. ఆరు పల్సుల డ్రైవు ధారాళంగా వదిలేది కూడా ఆ హార్మోనిక్‌నే. కెపాసిటర్ యూనిట్ల ఫ్యూజులు వరుసగా ఎగిరిపోవడానికి వేరే కారణం వెతకవలసిన అవసరం లేకపోయింది.

ఎస్‌వీసీ వచ్చిన తరువాత ఈ రెండు బాధలూ తీరాయి. ఇందులోనూ 7 ఎంవీఏఆర్ కెపాసిటర్లు ఎప్పుడూ లైనులోనే ఉంటాయి, కాకపోతే వాటిని ఐదు, ఏడు హార్మోనిక్‌లకు ట్యూన్ చేసిన ఫిల్టర్లుగా అమర్చారు. పక్కనే 8 ఎంవీఏఆర్ రియాక్టరును థైరిస్టర్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు నడిపిస్తాయి: ఫైరింగ్ కోణం 90 డిగ్రీల దగ్గర ఉంటే రియాక్టరు పూర్తిగా పనిచేసి కెపాసిటర్ల ఉత్పత్తినంతా మింగేస్తుంది, 180 దగ్గరకు వెళ్తే అది పక్కకు తప్పుకుంటుంది. మిల్లు ఆగిన ఒకటి రెండు సైకిళ్ళలోపే కోణం 90 వైపు జరిగి, మిగులు లైనులోకి పోకుండా ఆగిపోతుంది. పైగా లైనును ఒక శాతం మేర కిందికి లాగుతుంది. రాత్రి ఓవర్ వోల్టేజి ట్రిప్పులు నిలిచిపోయాయి. రికార్డరులో ఆ గీతను చూసినప్పుడు కలిగిన సంతృప్తి ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఈ యంత్రం ఒకసారి మమ్మల్ని గట్టిగానే ఇబ్బంది పెట్టింది. ఎండాకాలంలో మామూలు లైను మరమ్మతులకు ఆపి, సరఫరాను దూరపు సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ప్రత్యామ్నాయ లైనుకు మార్చారు. మార్చిన కాసేపటికే ఆఫీసు దీపాలు సెకనుకు కొన్నిసార్లు చొప్పున మిణుకుమనడం, రియాక్టరు యార్డులో రొద హెచ్చుతూ తగ్గుతూ వినిపించడం మొదలైంది. అందరి అనుమానమూ మిల్లు లోడు మీదికే పోయింది. మిల్లు ఆపించి చూశాము, మిణుకు ఆగలేదు. ఆ తరువాత రెగ్యులేటరును ఆటో నుంచి తప్పించి ఫైరింగ్ కోణాన్ని చేత్తో ఒకచోట నిలిపాము. మిణుకు వెంటనే పోయింది. లోడు లేకపోయినా ఊగుతూ, కోణం నిలిపితే ఆగేది కంట్రోల్ లూపు ఊగిసలాటే తప్ప మరొకటి కాదు.

కారణం సూటిగానే ఉంది. ఒక ఎంవీఏఆర్ మార్పుకు వోల్టేజి ఎంత కదులుతుందో అది ఫాల్ట్ లెవెల్‌కు విలోమంగా ఉంటుంది. ప్రత్యామ్నాయ లైను మీద ఫాల్ట్ లెవెల్ 90 ఎంవీఏకు పడిపోయినందున అదే రెగ్యులేటరు గెయిన్, అంటే తేడాను ఎంత గట్టిగా సరిదిద్దాలన్న సెట్టింగు, లూపులో ఒకటిన్నర రెట్లకు పైగా పనిచేసింది. వోల్టేజి కొంచెం తగ్గిందని సరిదిద్దబోతే అవసరానికి మించి పెరిగేది, పెరిగిందని తగ్గించబోతే మళ్ళీ మించిపోయేది. సరఫరాదారు ఇంజినీరు వచ్చి, ఇన్‌కమర్ బ్రేకరు స్థితిని రెగ్యులేటరుకు అందించి, ప్రత్యామ్నాయ లైను కలిసినప్పుడు గెయిన్ తనంతట తాను తగ్గేలా ఏర్పాటు చేశారు. మిణుకు పోయింది గానీ, ఆ లైను మీద స్పందన నాలుగైదు సైకిళ్ళకు మందగించింది; బిల్లెట్ స్టాండ్‌లో పడిన క్షణంలో వోల్టేజి కుంగడం ఇప్పుడు దీపాల్లో కాస్త తెలుస్తుంది. ఫీడరు ఎంత బలహీనపడితే నియంత్రణ అంత అవసరం, ఆ నియంత్రణనే అంత నెమ్మదిగా నడపవలసి రావడం ఈ పరికరంలో నన్ను ఇప్పటికీ చికాకుపెట్టే సంగతి.

పైన మెచ్చుకున్న దానికి కూడా ఒక హద్దు ఉంది. ఎక్కడో పైన ఫాల్ట్ తగిలి లైను 80 శాతానికి పడితే, థైరిస్టర్లు పూర్తిగా ఆగి, మిగిలేది ఫిల్టర్ కెపాసిటర్లే. అప్పుడు 7 ఎంవీఏఆర్‌కు బదులు నాలుగున్నర దాకానే వస్తుంది. ఆ క్షణంలో ఎస్‌వీసీ ఒక స్థిర బ్యాంకు మాత్రమే. మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజిని కాచేది రియాక్టరే గనుక, ఉత్పత్తి సున్నా అయిన వేళల్లోనే నష్టాలు అత్యధికం. మా మీటరులో అది యాభై కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటుంది. థైరిస్టర్లను చల్లబరిచే శుద్ధ నీటి వాహకత పెరిగితే అలారం వస్తుంది, పట్టించుకోకపోతే ట్రిప్పు వస్తుంది. స్థిర బ్యాంకుకు ఇటువంటి సేవలేవీ అక్కరలేదు.

మాది రోలింగ్ మిల్లు, లోడు నిమిషానికి ఎన్నోసార్లు ఊగేది, మధ్యలో ఆగితే ఓవర్ వోల్టేజి భయం ఉన్నది కాబట్టి నాకు ఈ ఖర్చు సబబుగానే తోచింది. రోజంతా ఒకే తీరుగా నడిచే పంపో, స్పిన్నింగ్ మిల్లో అయితే, రెజొనెన్స్‌ను ఐదో హార్మోనిక్‌కు దిగువన నిలిపే ఏడు శాతం సిరీస్ రియాక్టరుతో కూడిన స్థిర బ్యాంకునే నేను పెట్టించేవాడిని. ఆర్క్ ఫర్నేసు వారికి నా అనుభవం అంతగా పనికిరాదు. అక్కడి మిణుకు ఇంకా వేగమైనది, థైరిస్టరు తన తరువాతి అర సైకిలు కోసం ఆగవలసినదే. ఎవరైనా ఆర్డరు పెట్టేముందు డిస్కం నుంచి మామూలు లైను ఫాల్ట్ లెవెల్‌తో పాటు, మరమ్మతుల వేళ వాడే అతి బలహీనమైన లైను ఫాల్ట్ లెవెల్‌ను కూడా రాతపూర్వకంగా తీసుకుని, ఆ రెండు అంకెల మీదా గెయిన్ పరీక్షను కమిషనింగ్‌లోనే చేయించుకోవడం మంచిది.