మొటిమకు దారి తెరుచుకుంటేనే ప్యాచ్ పనిచేస్తుంది: రెండేళ్లు వాడాక నా మాట

పీరియడ్స్‌కు వారం ముందు నాకు గడ్డం మీద, దవడ వెంట మొటిమలు వస్తాయి. అవి పండితే చెయ్యి ఊరుకోదు. ఇంటర్ చదివే రోజుల నుంచీ గిల్లే అలవాటు. మొటిమ నాలుగు రోజుల్లో పోయేది కానీ, గిల్లిన చోట నల్లమచ్చ నాలుగు నెలలు ఉండేది. మన చర్మం రంగుకి ఈ మచ్చల బాధే ఎక్కువ. అందుకే రెండేళ్ల కిందట మొటిమ మీద అంటించే హైడ్రోకొల్లాయిడ్ ప్యాచ్‌లు కొన్నాను, అప్పటి నుంచీ ఆపలేదు. ఈ రెండేళ్లలో అవి కొన్ని మొటిమల్ని చక్కగా తగ్గించాయి, కొన్నింటి మీద ఏ ప్రభావమూ చూపలేదు. ఆ తేడా ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా ప్యాకెట్లు ఖర్చయ్యాయి.

ఈ పదార్థం మొదట మొటిమల కోసం వచ్చింది కాదు. పుండ్ల మీద, మంచాన పడ్డవాళ్లకు వచ్చే ఒత్తిడి పుండ్ల మీద ఆసుపత్రుల్లో వేసే డ్రెస్సింగే ఇది. దాన్నే పలచగా చేసి, చిన్న బిళ్లలుగా కత్తిరించి అమ్ముతున్నారు. పైన నీళ్లు లోపలికి రానివ్వని పలచటి ఫిల్మ్ ఉంటుంది. కింద జిగురు, అందులో కలిసిన పొడి. ఆ పొడి ముఖ్యంగా కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, కొన్నింటిలో పెక్టిన్, జెలటిన్ కూడా ఉంటాయి. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే ఉబ్బి చుట్టూ జిగురు పట్టినట్టే, ఈ పొడి కూడా తడి తగలగానే దాన్ని పట్టుకుని జెల్‌గా మారుతుంది. పొద్దున ప్యాచ్ మధ్యలో కనిపించే తెల్లటి ఉబ్బు అదే.

దాన్ని మొదటిసారి చూసినప్పుడు చీము మొత్తం బయటికి వచ్చేసిందని సంబరపడ్డాను. తర్వాత అనుమానం వచ్చి, ఒక ప్యాచ్ జిగురు వైపు కుళాయి నీళ్ల చుక్క ఒకటి వేసి పక్కన పెట్టాను. తెల్లవారేసరికి అదీ తెల్లగా ఉబ్బింది. ఇంకో రాత్రి మొటిమే లేని చెంప మీద ఒకటి అంటించి పడుకున్నాను. మే నెల, విజయవాడ, కరెంటు పోయిన రాత్రి. అది కూడా పొద్దునకి మబ్బుపట్టినట్టు తెల్లబడింది. అంటే ఆ తెలుపు ప్యాచ్ తాగిన తడిని చూపిస్తుంది. అందులో చీము ఉండొచ్చు, పుండు నుంచి కారే పలచటి రసం ఉండొచ్చు, ఉత్త చెమటే అయినా కావొచ్చు. మధ్యలో చుక్కలా, అంచు స్పష్టంగా కనిపించేలా తెల్లబడితే మొటిమలోంచి వచ్చిందని, ప్యాచ్ అంతా సమానంగా మసకబారితే చెమట అని నేను గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

ఇంకో మాట. ప్యాచ్ లోపలున్నదాన్ని లాగదు. పైకి వచ్చినదాన్ని మాత్రమే పీల్చుకుంటుంది. కాబట్టి రసం బయటికి రావడానికి చర్మం మీద దారి ఉండాలి. ఈ ఒక్కటి తెలిస్తే ఎక్కడ అంటించాలో, ఎక్కడ వద్దో తేలిగ్గా తెలుస్తుంది.

పోయిన నెల గడ్డం కింద ఎడమవైపు ఒకటి వచ్చింది. మంగళవారం ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంది. ఆ రోజు ఏమీ అంటించలేదు. గురువారానికి తెల్లటి తల వచ్చింది. రాత్రి స్నానం చేసి ముఖం తుడుచుకుంటుంటే టవల్ తగిలి అదే చిట్లింది. నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనిచ్చాను. క్రీమ్, నూనె ఏదీ రాయలేదు, రాస్తే జిగురు పట్టదు. మొటిమ కంటే కాస్త పెద్దగా ఉండే ప్యాచ్ తీసుకుని, పదింటికి అంటించి, వేలితో పది సెకన్లు అదిమాను. పొద్దున ఆరింటికి మధ్యలో మినపగుండంత తెల్లటి ఉబ్బు. తీసి చూస్తే మొటిమ చదునైపోయింది, పైన పొక్కు కట్టలేదు, గులాబీ రంగు చర్మం తడిగా ఉంది. ఇంకొకటి అంటించి ఆఫీసుకి వెళ్లాను. శుక్రవారం రాత్రి తీసినప్పుడు అందులో కొంచెమే తెలుపు. ఇక ఆపేశాను. మచ్చ పడలేదు. చెయ్యి తగలకపోవడమే దానికి సగం కారణం. ప్యాచ్ మీద గీరినా గోరు చర్మానికి తగలదు.

చిట్లకముందు తెల్లతల మీద అంటించినా కొన్నిసార్లు ఫలితం ఉంటుంది. ప్యాచ్ కింద తడికి ఆ పలచటి పైపొర మెత్తబడి దానంతట అదే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే పొద్దునకి మొటిమ ఎలా ఉందో అలాగే ఉంటుంది. సూదితో పొడిచి దారి చేయడం మాత్రం వద్దు, ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది.

దవడ ఎముక మీద వచ్చే గడ్డల సంగతి వేరు. పైన తల ఉండదు, వేలితో నొక్కితే లోపల గింజలా తగులుతుంది, నమిలినా నొప్పే. అలాంటిదానికి వరుసగా మూడు రాత్రులు మూడు ప్యాచ్‌లు మార్చాను. మూడూ ఉత్త మసకే. వాపు చర్మం లోతుల్లో ఉంది, పైన చర్మం మూసుకుపోయి ఉంది, ప్యాచ్‌కి అందేదేమీ లేదు. చివరికి చర్మ డాక్టర్ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే తగ్గింది. ముక్కు మీద నల్లచుక్కలకి, నుదుటి మీద చర్మం రంగులోనే ఉండే చిన్న చిన్న బుడిపెలకి కూడా ఇవి పనిచేయవు. అక్కడ రంధ్రాల్లో ఉన్నది గట్టిపడిన నూనె, మృతకణాలు. అందులో పీల్చడానికి తడి లేదు. అడాపలీన్ క్రీమ్ నెలల తరబడి రాస్తేనే అవి నాకు తగ్గాయి. నుదుటి మీద ఒకే సైజులో గుంపుగా వచ్చి దురదపెట్టేవాటి మీదైతే అసలు అంటించకండి. అవి తరచూ ఫంగస్ వల్ల వచ్చేవి, మూసి చెమట పట్టిస్తే ఇంకా పెరుగుతాయి.

అడాపలీన్ వాడే రోజుల్లోనే నేనొక తప్పు చేశాను. ఆ క్రీమ్‌తో చర్మం పొడిబారి పొట్టు లేస్తున్నప్పుడు, ఆఫీసుకి టైమ్ అవుతోందన్న టెన్షన్‌లో ప్యాచ్‌ని ఒక్కసారిగా పీకాను. పైచర్మం దానితోపాటే ఊడి వచ్చింది. మొటిమ మచ్చ కంటే ఆ మచ్చే ఎక్కువ రోజులు ఉంది. ఇప్పుడు వేడినీళ్లలో తడిపిన గుడ్డను నిమిషంసేపు ప్యాచ్ మీద పెట్టి, అంచుని మెల్లగా మడుస్తూ తీస్తాను.

ఖర్చు గురించి చెప్పాలంటే, రోజుకొకటి చొప్పున చిన్న బిళ్లలు కొనడం నాకు బరువైంది. ఒకరోజు మెడికల్ షాపులో అడిగితే, పుండ్లకు వేసే పలచరకం హైడ్రోకొల్లాయిడ్ షీట్, పది సెంటీమీటర్ల చదరం ఉన్నది ఇచ్చారు. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి గుండ్రంగా కత్తిరించుకుంటాను, మూలలుంటే దిండుకి రాసుకుని లేచిపోతుంది. మిగతాది జిప్ కవర్‌లో దాస్తాను. పీల్చడంలో తేడా ఏమీ కనిపించలేదు. కాకపోతే కాస్త మందంగా, గోధుమరంగులో ఉండి ముఖం మీద కనిపిస్తుంది. అందుకే రాత్రికి షీట్ ముక్క, పగలు బయటికి వెళ్లేటప్పుడు పలచటి బిళ్ల. హెల్మెట్ పట్టీ తగిలే చోట మాత్రం ఏదీ నిలవదు, అరగంటలో అంచులు లేస్తాయి. అక్కడ మొటిమ వస్తే ఇంటికి వచ్చాకే అంటిస్తున్నాను.