సెలూన్ సాఫ్ట్‌వేర్ కొనేముందు అర ట్యూబు ఎంటర్ చేసి చూడండి

హనుమకొండలో చిన్న లేడీస్ పార్లర్ నాది. నాలుగు కుర్చీలు, ఐదుగురు అమ్మాయిలు. బిల్లింగుతో పాటు వ్యాక్సు, గ్లౌజులు, కలర్ ట్యూబుల లెక్క కూడా అదే చూసుకుంటుందంటే ఏడాదికి 14,000 కట్టి ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. పేరు రాయను. నాకు జరిగిందే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనూ జరగొచ్చు. అందుకే కొనబోయేవాళ్లు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

డెమోకి వచ్చినతను ఒక రూట్ టచప్ బిల్లు కొట్టి చూపించాడు. 12 ట్యూబులు కాస్తా 11 అయ్యాయి. "చూశారా మేడమ్, మీరు ముట్టుకోకుండానే స్టాక్ తగ్గింది" అన్నాడు. నాకూ ముచ్చటేసింది. అసలు తప్పు అక్కడే ఉందని అప్పుడు తట్టలేదు.

మేం వాడే ట్యూబు 60 గ్రాములది. రూట్ టచప్‌కి మా దగ్గర సగటున 30 గ్రాముల కలర్, 45 గ్రాముల డెవలపర్ పడుతుంది. అంటే మనిషికి అర ట్యూబు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కో బిల్లుకి ఒక ట్యూబు కొట్టేస్తోంది. ఎక్కువగా కదిలే 4 నంబర్ షేడ్‌నే తీసుకోండి. మూడు నెలల్లో 54 టచప్‌లు చేశాం. సిస్టమ్ లెక్కలో 54 ట్యూబులు అయిపోయాయి, నిజంగా అయినవి 27. మధ్యలో 'లో స్టాక్' అని మెసేజ్ వచ్చిన ప్రతిసారీ నేను డీలర్‌కి ఫోన్ చేసి ఇంకో డజను తెప్పిస్తూనే ఉన్నాను.

ఒక ఆదివారం రాత్రి అలమార కింది అర ఊడిపోతే సామాన్లన్నీ నేల మీద పరిచాం. 4 నంబర్‌వి సీలు తీయనివి 19, సగం వాడినవి 26 తేలాయి. సిస్టమ్‌లో చూస్తే ఐదే. సగం ట్యూబులు అన్ని ఎందుకున్నాయని అడిగితే మా అమ్మాయి, "ఎలాగూ బిల్లుకి ఒక ట్యూబు కోసేస్తోంది కదక్కా, అందుకే ఎప్పటికప్పుడు కొత్తది తీస్తున్నాం" అంది. తన తప్పేం లేదు, సిస్టమ్ నేర్పిన పద్ధతే పాటించింది. ఆ 26లో కొన్నిటికి మూత సరిగ్గా పెట్టలేదు, మూతి దగ్గర కలర్ నల్లబడి గట్టిపడింది. లెక్కలో లేకుండా పోయినవి మొత్తం 27 ట్యూబులకు సమానం. ట్యూబు 310 చొప్పున ఒక్క షేడ్‌లోనే 8,370 రూపాయలు అలమారలో ఇరుక్కున్నాయి.

కస్టమర్ కేర్‌కి చెబితే సర్వీస్ సెట్టింగులో 1 తీసేసి 0.5 పెట్టమన్నారు. పెట్టాను, సేవ్ అయింది. స్టాక్ కూడా సరిచేసి 32 అని కొట్టాను. రెండు వారాల తర్వాత చూసినా 32 అలాగే ఉంది. దానికి పూర్ణాంకాలే తెలుసు. 0.5ని సున్నాగా తీసుకుని ఒక్క గ్రాము కూడా తగ్గించడం లేదు. మొదట లేని ఖర్చు చూపించేది, ఇప్పుడు ఉన్న ఖర్చూ చూపించడం లేదు. గ్రాముల్లో పెట్టుకోవచ్చా అంటే "వచ్చే అప్‌డేట్‌లో" అన్నారు.

గ్లౌజులతో ఇంకో తమాషా. 100 అని రాసిన డబ్బాలో ఉండేది 100 గ్లౌజులు, అంటే 50 జతలు. వాళ్లు పెట్టిన లెక్కలో డబ్బా అంటే 100 సర్వీసులు. పెళ్లిళ్ల సీజన్లో ఒక శనివారం మధ్యాహ్నం స్క్రీన్ మీద ఇంకా 53 ఉన్నాయి, డబ్బా మాత్రం ఖాళీ. చిరిగినవి పోగా 47 సర్వీసులకే అయిపోయింది. పక్కనున్న మెడికల్ షాపుకి పరిగెత్తి ఎక్కువ రేటు పెట్టి తెచ్చుకున్నాం. ఇది డబ్బాకి 50 అని మార్చుకుంటే సరిపోయేదే, కానీ ఆ సంగతి మనకి ముందు తెలియాలి కదా.

వీటన్నిటికంటే పెద్ద లోపం నాకు చివర్లో అర్థమైంది. బిల్లుని బట్టి స్టాక్ తగ్గించే ఏ సాఫ్ట్‌వేర్ అయినా నిజంగా ఎంత వాడారో చూడదు, ఎంత వాడి ఉండాలో ఊహిస్తుంది. గిన్నెలో మిగిలి సింకులో పోసేసింది దానికి కనపడదు. అలమారలో లెక్కపెట్టిన సంఖ్య వేరే గడిలో కొట్టి, రెండిటికీ తేడా చూసుకునే వీలుంటేనే వృథా బయటపడుతుంది. మాదాంట్లో ఆ గడే లేదు. లెక్కపెట్టిన సంఖ్య కొడితే పాతది చెరిగిపోతుంది, తేడా కూడా దాంతోపాటే పోతుంది.

ఇప్పుడు నా దగ్గర ఒక గ్రాము వరకు చూపించే వంటింటి కాటా, ఒక నోటుబుక్కు ఉన్నాయి. గిన్నె పెట్టి కాటా సున్నా చేసి కలర్, డెవలపర్ తూచి కలుపుతున్నాం. పని అయ్యాక గిన్నె మళ్లీ తూస్తే మొదటి వారం 75 గ్రాముల మిశ్రమంలో 18 గ్రాముల దాకా మిగిలేది. కలిపిన కలర్ దాచుకోవడానికి పనికిరాదు, గిన్నెలోనే ఆక్సిడైజ్ అయిపోతుంది. అందుకని మొదట 20కి 30 కలిపి, చాలకపోతే ఇంకో 5 గ్రాముల కలర్‌కి 7 లేదా 8 గ్రాముల డెవలపర్ కలుపుతున్నాం. చాలామందికి ఒక్కసారి కలిపితే సరిపోతోంది.

వ్యాక్సుకి సోమవారం పొద్దున హీటర్ పెట్టకముందే తెరిచిన డబ్బాలు తూస్తాం. ఒక ఖాళీ డబ్బా బరువు ముందే రాసి పెట్టుకుని అది తీసేయాలి. పోయిన సోమవారం ఉన్నదానికి వారంలో కొన్నది కలిపి, ఇప్పుడున్నది తీసేస్తే వాడినది వస్తుంది. మాకు 600 గ్రాముల డబ్బాకి 10 నుంచి 12 ఫుల్ ఆర్మ్స్ వస్తాయి. ఒక వారం ఎనిమిదే వచ్చాయి. చూస్తే హీటర్ తక్కువ వేడి మీద ఉంది, వ్యాక్సు చిక్కగా ఉండి పొర మందంగా పడుతోంది.

కాటా కూడా అన్నీ చెప్పదు. ఒత్తు జుట్టుకి 30 గ్రాములు చాలవు, అందుకే పక్కన కస్టమర్ జుట్టు ఎలాంటిదో రాయాలి. గ్రాము గ్రాముకీ అమ్మాయిల్ని నిలదీయకండి. భయపడి పలచగా రాస్తారు, తెల్ల వెంట్రుకలు అలాగే ఉండిపోతాయి, మళ్లీ ఫ్రీగా చేయాల్సి వస్తుంది. నాకు ఒకసారి అదే జరిగింది.

కొనాలనుకుంటే డెమోలో వాళ్ల చేత కాకుండా మీరే 0.5 కొట్టి ఒక బిల్లు చేయండి. 12 కాస్తా 11.5 కావాలి, లేదా 720 గ్రాములు 690 కావాలి. అలాగే స్టాక్ లెక్కపెట్టి తక్కువ సంఖ్య కొట్టి, తేడా రిపోర్టు చూపించమనండి. నెలవారీ ప్లాన్ ఉంటే అదే తీసుకోండి. నేను ఏడాదిది కట్టాను, రిఫండ్ లేదని ఇన్‌వాయిస్ కింద చిన్న అక్షరాల్లో ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు గానీ, 2019 చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకే మినహాయింపు. ఐదుగురికి జీతమిస్తున్న నన్ను ఆ కోవలోకి రావంటారేమోనని నేను ఆగాను. ఒంటరిగా నడుపుకునేవాళ్లు మాత్రం అడిగి చూడండి.

ఇంకోటి, గడువు అయిపోకముందే మీ స్టాక్ లిస్టు ఎక్సెల్‌లో దించుకోండి. మాదాంట్లో బిల్లులు మాత్రమే దిగుతున్నాయి. స్టాక్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకుని నోట్‌బుక్కులోకి ఎక్కించుకుంటున్నాను, ఇంకా 3 నంబర్ షేడ్ దగ్గరే ఉన్నాను.